ఆఫర్ లెటర్‌లో పది లక్షలు: ఈసాప్స్ అసలు లెక్క

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఓ స్టార్టప్‌లో ఉద్యోగం ఖాయమవుతుంది. ఆఫర్ లెటర్‌లో జీతం అంకె కింద మరో వాక్యం ఉంటుంది: నాలుగేళ్లలో పది లక్షల రూపాయల విలువైన ఈసాప్స్. ఇంట్లో చెప్పేటప్పుడు చాలామంది రెండంకెల్నీ కలిపే చెబుతారు. జీతమైతే నెల తిరిగేసరికి ఖాతాలో పడుతుంది. ఈసాప్స్ సంగతి అలా కాదు. ఆ పది లక్షలు ఎవరూ తెచ్చి చేతిలో పెట్టరు. పైగా వాటిని షేర్లుగా మార్చుకునే రోజున డబ్బు కట్టాల్సింది మీరే. కొంత కంపెనీకి, అంతకంటే ఎక్కువ పన్నుకి. ఆ రోజు ఎలా వస్తుందో, ఎంత కట్టాల్సి వస్తుందో ఒక ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. అంకెలు ఊహించినవి, నిబంధనలు మాత్రం మన దేశంలో అమల్లో ఉన్నవే.

ఆప్షన్ వేరు, షేరు వేరు

కంపెనీ మీకు ఇచ్చేది షేరు కాదు, ఆప్షన్. అంటే ఇవాళే ఖాయం చేసిన ధరకు కొన్ని షేర్లను తరవాత కొనుక్కునే హక్కు. ఊరి చివర ప్లాటు గజం ఇరవై వేలకు మాట్లాడుకుని, కొన్నేళ్లలో ఎప్పుడైనా ఆ రేటుకే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చని అగ్రిమెంట్ రాయించుకున్నట్టు అనుకోండి. ధర పెరిగితే పాత రేటుకే కొంటారు. పడిపోతే ఆ కాగితం పక్కన పడేస్తారు. కొని తీరాలన్న బలవంతం లేదు. ఆ అగ్రిమెంట్ ఉన్నంత మాత్రాన ప్లాటు మీ పేరున ఉన్నట్టు కాదు, అలాగే ఆప్షన్లు చేతిలో ఉన్నంత మాత్రాన కంపెనీలో మీకు వాటా ఉన్నట్టు కాదు. ఓటు ఉండదు, డివిడెండ్ రాదు. మరొకరికి అమ్మడానికీ, బ్యాంకులో తాకట్టు పెట్టడానికీ వీల్లేదు.

ముందే ఖాయం చేసిన ఆ ధరనే స్ట్రైక్ ప్రైస్ అంటారు. కొన్ని పత్రాల్లో ఎక్సర్‌సైజ్ ప్రైస్ అని ఉంటుంది, రెండూ ఒకటే. లిస్ట్ కాని కంపెనీ ఈ ధరను తనకు నచ్చినట్టు పెట్టుకోవచ్చు. షేరు ముఖ విలువ ఒక్క రూపాయికో పది రూపాయలకో ఇచ్చే కంపెనీలున్నాయి, ఇచ్చే రోజున ఉన్న పూర్తి విలువనే స్ట్రైక్‌గా పెట్టే కంపెనీలూ ఉన్నాయి.

పది లక్షల మాట ఇక్కడే తేలిపోతుంది. మన ఉదాహరణలో కంపెనీ షేరు విలువ 500 రూపాయలు అనుకుందాం. మీకు 2,000 ఆప్షన్లు ఇచ్చారు. రెండు వేలను ఐదువందలతో హెచ్చవేసి హెచ్ఆర్ వాళ్లు పది లక్షలన్నారు. కానీ స్ట్రైక్ ప్రైస్ 100 రూపాయలని గ్రాంట్ లెటర్‌లో ఉంది. ఒక్కో షేరుకు వంద మీరు కట్టాలి కాబట్టి ఇవాళ్టి లెక్కన మీకు మిగిలేది షేరుకు 400, మొత్తం ఎనిమిది లక్షలు. అదే స్ట్రైక్ ప్రైస్ 500 అయి ఉంటే ఇవాళ మీ ఆప్షన్ల విలువ సున్నా. ఇక ముందు పెరిగితేనే ఆ పెరుగుదల మీది. రెండు కంపెనీల ఆఫర్ లెటర్లలోనూ 'పది లక్షల ఈసాప్స్' అనే ఉండొచ్చు. ఒకదాని విలువ ఎనిమిది లక్షలు, మరోదానిది సున్నా.

ఆ 500 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడగాలి. చాలాసార్లు అది చివరి విడత పెట్టుబడిలో ఇన్వెస్టర్లు కట్టిన ధర. వాళ్లు కొనేది ప్రిఫరెన్స్ షేర్లు. కంపెనీ అమ్ముడుపోతే సాధారణంగా తాము పెట్టిన సొమ్ము ముందు వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకు ఉంటుంది. మీకు వచ్చేవి మామూలు ఈక్విటీ షేర్లు. ఇన్వెస్టర్లు 80 కోట్లు పెట్టిన కంపెనీ 100 కోట్లకు అమ్ముడైందనుకోండి. ముందు 80 కోట్లు వాళ్లు తీసుకుంటే, మిగిలిన 20 కోట్లలోనే వ్యవస్థాపకులకైనా, ఉద్యోగులకైనా వాటా దొరికేది. పేపర్లో వంద కోట్ల అమ్మకం అని చదివి మన ఆప్షన్లను వందకు లెక్కేసుకుంటే నిరాశే మిగులుతుంది.

గ్రాంట్: గడియారం ఎప్పుడు మొదలైంది?

ఆఫర్ లెటర్‌లో రాసినంత మాత్రాన ఆప్షన్లు మీకు వచ్చినట్టు కాదు. కంపెనీల చట్టం ప్రకారం వాటాదారులు ఆమోదించిన ఈసాప్ పథకం ఒకటి ఉండాలి. ఆ పథకం కింద మీ పేరున ఇన్ని ఆప్షన్లు అని కంపెనీ మంజూరు చేసి గ్రాంట్ లెటర్ ఇవ్వాలి. దాని మీద ఉన్న గ్రాంట్ తేదీ నుంచే అసలు గడియారం నడుస్తుంది. మీరు జూన్‌లో చేరినా, మంజూరు సెప్టెంబరు 1న జరిగితే ఆ మూడు నెలలు లెక్కలోకి రాకపోవచ్చు. కాబట్టి చేరిన కొన్ని వారాలకు కూడా గ్రాంట్ లెటర్ రాలేదంటే మొహమాటపడకుండా మెయిల్ పెట్టి అడగాలి. కంపెనీ మధ్యలో కొత్త పెట్టుబడి తెచ్చుకుంటే షేరు విలువ పెరుగుతుంది. పథకంలో స్ట్రైక్ ప్రైస్‌ను గ్రాంట్ నాటి విలువకు ముడిపెట్టి ఉంటే ఆలస్యంగా వచ్చిన గ్రాంట్‌లో మీ స్ట్రైకూ పెరుగుతుంది.

గ్రాంట్ లెటర్ ఒకటి రెండు పేజీలే ఉంటుంది. దాని వెనక ముప్పై నలభై పేజీల పథకం పత్రం ఉంటుంది. చాలామంది లెటర్ మీద సంతకం పెట్టి పథకం జోలికి పోరు. నిజానికి మీరు వెళ్లిపోయినప్పుడు ఏం జరుగుతుందో రాసి ఉండేది ఆ పథకంలోనే. సంతకానికి ముందే దాని ప్రతి అడిగి తీసుకోండి.

వెస్టింగ్: ఒక్క రోజుకు ఎంత?

గ్రాంట్ అయిన 2,000 ఆప్షన్లూ ఒకేసారి మీవి అయిపోవు. ఉద్యోగంలో ఉన్నకొద్దీ కొన్ని కొన్నిగా మీ హక్కులోకి వస్తాయి. అదే వెస్టింగ్. గ్రాంట్‌కూ మొదటి వెస్టింగ్‌కూ మధ్య కనీసం ఏడాది ఉండాలన్నది మన దేశంలో చట్టం పెట్టిన నిబంధన. ఆ తరవాతి షెడ్యూలు కంపెనీ ఇష్టం. నాలుగేళ్ల షెడ్యూలు ఎక్కువగా కనిపిస్తుంది. కొన్ని కంపెనీలు నాలుగేళ్లకూ సమానంగా పంచుతాయి, కొన్ని మొదటి ఏడాది పది శాతమే ఇచ్చి ఎక్కువ భాగాన్ని చివరి ఏళ్లకు నెట్టేస్తాయి.

మన ఉదాహరణలో సమానంగానే పంచారనుకుందాం. సెప్టెంబరు 1న గ్రాంట్. మళ్లీ సెప్టెంబరు 1 వచ్చేదాకా ఒక్క ఆప్షన్ కూడా మీది కాదు. ఆ మొదటి ఏడాదినే క్లిఫ్ అంటారు. ఆగస్టు 31న మానేస్తే చేతికి వచ్చేది ఏమీ లేదు. సెప్టెంబరు 1న ఒకేసారి 500 వెస్ట్ అవుతాయి. అక్కడి నుంచి మూడు నెలలకోసారి 125 చొప్పున డిసెంబరు, మార్చి, జూన్, సెప్టెంబరు ఒకటో తేదీల్లో వస్తాయి.

ఇప్పుడు మీకు వేరే చోట మంచి ఉద్యోగం వచ్చింది. గ్రాంట్ తరవాత మూడో ఏడాది మే 31 మీ చివరి పనిదినం. క్లిఫ్ రోజున వచ్చిన 500కు, ఆ తరవాత ఆరు విడతల్లో వచ్చిన 750 కలిపితే 1,250 ఆప్షన్లు వెస్ట్ అయ్యాయి. మిగిలిన 750 ఆ రోజుతోనే రద్దయి కంపెనీ ఈసాప్ పూల్‌లోకి తిరిగిపోతాయి. తరవాతి విడత జూన్ 1న ఉంది. ఒక్క రోజు ఆగి ఉంటే మరో 125 వచ్చేవి. షేరు విలువ అప్పటికి 900 అయి ఉంటే ఆ ఒక్క రోజు ఖరీదు కాగితం మీద లక్ష రూపాయలు. నోటీసు ఇచ్చే ముందు వెస్టింగ్ షెడ్యూలు తెరిచి తేదీ చూసుకోమనేది ఇందుకే.

ఒక విషయంలో చట్టం ఉద్యోగి కుటుంబం వైపు నిలబడింది. ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే అప్పటిదాకా గ్రాంట్ అయిన ఆప్షన్లన్నీ, వెస్ట్ కానివి కూడా, వారసులకు చెందుతాయి. పని చేయలేని శాశ్వత వైకల్యం వచ్చినా అన్నీ ఆ రోజే వెస్ట్ అవుతాయి. కాబట్టి గ్రాంట్ లెటర్ ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. క్రమశిక్షణ చర్య కింద ఉద్యోగం తీసేస్తే వెస్ట్ అయినవి కూడా రద్దు చేసే నిబంధన చాలా పథకాల్లో ఉంటుంది. దాన్ని ఎంత వదులుగా రాశారో చదివి చూడాలి.

ఎక్సర్‌సైజ్: బిల్లు వచ్చే రోజు

వెస్ట్ అయిన ఆప్షన్‌కు స్ట్రైక్ ప్రైస్ కట్టి షేరు తీసుకోవడమే ఎక్సర్‌సైజ్. ఉద్యోగంలో ఉన్నంతకాలం దీనికి పెద్ద తొందర ఉండదు. పథకంలో రాసిన గడువు లోపల ఎప్పుడైనా చేసుకోవచ్చు. మానేసిన రోజు నుంచి మాత్రం కథ మారుతుంది. చాలా పథకాల్లో మాజీ ఉద్యోగికి ఇచ్చే గడువు 90 రోజులే. ఆ లోపు ఎక్సర్‌సైజ్ చేయకపోతే వెస్ట్ అయినవి కూడా పోతాయి. ఈ 90 రోజులు మన చట్టం విధించినవి కావు. గడువు ఎంతో కంపెనీ పథకంలో రాసుకోవచ్చనే మన నిబంధనలు చెబుతాయి. అమెరికా పన్ను చట్టంలో ఒక రకం ఆప్షన్లకు రాయితీ నిలవాలంటే ఉద్యోగం మానేసిన మూడు నెలల్లోపు ఎక్సర్‌సైజ్ చేయాలని ఉంది. స్టార్టప్ పత్రాల్లో మూడు నెలలు ఇంతగా పాతుకుపోవడానికి మూలం అదే. మన దగ్గర ఐదేళ్లు, పదేళ్లు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి ఇది అడగదగ్గ విషయం.

మన ఉదాహరణకు వద్దాం. మే 31న మానేశారు, ఆగస్టు నెలాఖరులోగా తేల్చుకోవాలి. 1,250 షేర్లకు వంద చొప్పున స్ట్రైక్ ప్రైస్ లక్షా పాతిక వేలు. అంతే కదా అని చెక్కు రాయబోతే కంపెనీ అకౌంట్స్ విభాగం నుంచి రెండో అంకె వస్తుంది.

పన్ను చట్టం దృష్టిలో 900 విలువ చేసే షేరు మీకు వందకే దొరికిందంటే తేడా 800 రూపాయలూ జీతంలో భాగం. మీరు షేరు అమ్మారా, చేతికి డబ్బు వచ్చిందా అన్నది అక్కడ లెక్కలోకి రాదు. లిస్ట్ కాని కంపెనీ కాబట్టి మార్కెట్ ధర ఉండదు. సెబీ దగ్గర నమోదైన మర్చంట్ బ్యాంకర్ ఒకరు విలువ కట్టి నివేదిక ఇస్తారు. అది ఎక్సర్‌సైజ్ తేదీకి 180 రోజుల కంటే పాతది కాకూడదు. ఆ నివేదికలో షేరు 900 అని ఉంది. 1,250 షేర్లకు 800 చొప్పున పది లక్షల రూపాయలు మీ ఆ ఏడాది జీతానికి కలుస్తాయి.

ఆ ఏడాది మీ జీతమే 28 లక్షలు అనుకుందాం. కొత్త పన్ను విధానంలో 24 లక్షలు దాటిన ఆదాయంపై 30 శాతం, దాని మీద సెస్సు, కలిపి 31.2 శాతం. పది లక్షల మీద పన్ను 3 లక్షల 12 వేలు. ఆ సొమ్ము వసూలు చేసి టీడీఎస్‌గా కట్టే బాధ్యత కంపెనీది కాబట్టి, మీరు అది జమ చేసిన తరవాతే కంపెనీ షేర్లు ఇస్తుంది. స్ట్రైక్ ప్రైస్‌తో కలిపి మొత్తం 4 లక్షల 37 వేలు. కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలల్లో ఈ సొమ్ము సర్దాలి. దానికి బదులుగా డీమ్యాట్ ఖాతాలోకి వచ్చేవి మార్కెట్‌లో అమ్ముకోలేని 1,250 షేర్లు.

పన్నును వాయిదా వేసే వెసులుబాటు ఉందని మీరు విని ఉండొచ్చు. 2020 బడ్జెట్‌లో అది వచ్చింది. కానీ అది అన్ని స్టార్టప్‌లకూ వర్తించదు. పన్ను మినహాయింపు కోసం కేంద్రం ప్రత్యేక ధ్రువపత్రం ఇచ్చిన వాటికే, అంటే గుర్తింపు పొందిన స్టార్టప్‌లలో కొద్ది భాగానికే ఆ వీలుంది. అక్కడ పనిచేసేవాళ్లు ఎక్సర్‌సైజ్ చేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక సుమారు ఐదేళ్లదాకా ఆ పన్ను ఆపుకోవచ్చు. ఈలోగా షేర్లు అమ్మినా, ఉద్యోగం మానేసినా అప్పుడే గడువు ముగిసినట్టు. మానేసి వెళ్తున్నవాళ్లకు అది అక్కరకు రాదు.

షేరు చేతికి వచ్చాక

ప్రైవేట్ కంపెనీ అంటేనే చట్టం ప్రకారం షేర్ల బదిలీపై ఆంక్షలున్న కంపెనీ. నచ్చిన వాళ్లకు, నచ్చిన రోజున అమ్మేసుకోవడం కుదరదు. దారులు మూడే. కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ కావాలి, 2021లో జొమాటో, 2024లో స్విగ్గీ అయినట్టు. లేదా కంపెనీ గానీ కొత్త ఇన్వెస్టర్ గానీ ఉద్యోగుల షేర్లు కొనడానికి ముందుకు రావాలి. లేదా కంపెనీయే మొత్తంగా అమ్ముడుపోవాలి.

మూడేళ్ల తరవాత ఒక ఇన్వెస్టర్ షేరు 1,500 చొప్పున కొన్నాడనుకుందాం. రెండోసారి పన్ను లెక్క ఇక్కడ వస్తుంది, ఇది మూలధన లాభం మీద. లాభాన్ని వంద నుంచి లెక్కించకూడదు. 900 దాకా మీరు అప్పటికే జీతం కింద పన్ను కట్టేశారు కాబట్టి మీ కొన్న ధర 900. షేరుకు 600 చొప్పున లాభం ఏడున్నర లక్షలు. లిస్ట్ కాని షేర్లను రెండేళ్లకు మించి ఉంచుకున్నారు కాబట్టి దీర్ఘకాలిక లాభంగా 12.5 శాతం, సెస్సుతో కలిపి 97,500 రూపాయలు. రిటర్న్ వేసేటప్పుడు కొన్న ధర గడిలో 100 అని రాసి, కట్టిన పన్నే మళ్లీ కట్టేవాళ్లుంటారు. ఎక్సర్‌సైజ్ నాటి విలువ నివేదికను జాగ్రత్తగా దాచుకుంటే ఆ పొరపాటు జరగదు.

రాతలో వచ్చేది 18 లక్షల 75 వేలు. స్ట్రైకు, రెండు పన్నులూ పోగా చేతికి మిగిలేది 13 లక్షల 40 వేలకు కాస్త ఎక్కువ. చెడ్డ లెక్కేమీ కాదు. కానీ రెండో వైపు కూడా చూడాలి.

కంపెనీ తడబడి షేరు 200కు పడిపోయింది, ఆ ధరకే అమ్మాల్సి వచ్చింది. 4 లక్షల 37 వేలు పెట్టిన చోట రెండున్నర లక్షలు వెనక్కి వచ్చాయి. 900 చూసి కట్టిన 3 లక్షల 12 వేల పన్ను వెనక్కి రాదు. 900 నుంచి 200కు పడిన నష్టం మూలధన నష్టం. దాన్ని జీతం మీద పన్ను తగ్గించుకోవడానికి వాడుకోలేరు. ఎనిమిదేళ్ల పాటు ముందుకు తీసుకెళ్లి, మరేదైనా మూలధన లాభం వస్తే అందులోంచే తగ్గించుకోవాలి. విలువలు ఇలా కూలడం మన కళ్ల ముందు జరిగిందే. 2022లో 2,200 కోట్ల డాలర్ల కంపెనీగా లెక్కకొచ్చిన బైజూస్‌లో తన వాటా విలువను ప్రోసస్ అనే పెద్ద ఇన్వెస్టర్ 2024లో సున్నాగా రాసుకుంది.

అయితే ఏం చేయాలి?

మానేసేటప్పుడు అన్నీ లేదా ఏమీ వద్దు అనుకోనక్కర్లేదు. పథకం ఒప్పుకుంటే 1,250లో ఐదు వందలే ఎక్సర్‌సైజ్ చేసుకోవచ్చు. బిల్లు లక్షా 75 వేలకు దిగుతుంది. ఆ సొమ్ము పూర్తిగా పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేదు అనుకున్నంత వరకే తీసుకోవడం ఒక పద్ధతి. కంపెనీ లిస్టింగ్ పత్రాలు సెబీకి దాఖలు చేసి ఉంటే ఒక లెక్క, అమ్ముకునే దారి కనుచూపు మేరలో లేకపోతే మరో లెక్క. స్ట్రైక్ ప్రైస్ కంటే షేరు విలువ తక్కువగా ఉంటే ఆలోచనే అక్కర్లేదు, ఎక్సర్‌సైజ్ చేయకుండా వదిలేస్తే చేతి నుంచి రూపాయి కూడా పోదు.

వదులుకోకుండా, అప్పు చేయకుండా బయటపడే వాళ్లు సాధారణంగా రెండు రకాలు. ఒకరు, స్ట్రైక్ ప్రైస్ ఒకటో పదో రూపాయలు ఉండి, ఎక్సర్‌సైజ్‌కు చాలా ఏళ్ల గడువు కూడా దొరికినవాళ్లు. అమ్మకం ఖాయమైన రోజునే ఎక్సర్‌సైజ్ చేసి, వచ్చిన డబ్బులోంచే పన్ను కట్టేస్తారు. రెండోవాళ్లు, ఉద్యోగంలో ఉండగానే కంపెనీ ఆప్షన్లను నగదు ఇచ్చి వెనక్కి తీసుకున్నవాళ్లు. అక్కడ వచ్చిన మొత్తానికి జీతంలాగే పన్ను పడుతుంది కానీ ముందుగా జేబులోంచి తీయాల్సింది ఏమీ ఉండదు. ఈ రెండూ మీ చేతిలో లేనివి, కంపెనీ పథకాన్ని ఎలా రాసుకుందన్న దాని మీద ఆధారపడినవి.

అందుకే బేరం ఆడగలిగేది ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే. హెచ్ఆర్‌ను నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి. ఎన్ని ఆప్షన్లు, ఇంకా ఇవ్వాల్సిన ఆప్షన్లతో సహా కంపెనీ మొత్తం షేర్లు ఎన్ని? రెండు వేలు అన్న అంకె కోటి షేర్లలో ఒకలా, పది కోట్లలో మరోలా ఉంటుంది. స్ట్రైక్ ప్రైస్ ఎంత, మర్చంట్ బ్యాంకర్ తాజాగా కట్టిన ఈక్విటీ విలువ ఎంత? వెస్టింగ్ ఏ తేదీ నుంచి? మానేశాక ఎక్సర్‌సైజ్‌కు ఎన్ని రోజులు? కొత్తగా చేరేవాళ్లు ఎక్కువగా మొదటి అంకెను పెంచమని అడుగుతారు. 2,000ని 2,500 చేయించుకుని 90 రోజుల గడువుకు ఒప్పుకోవడం కన్నా, 2,000తోనే ఐదేళ్ల గడువు రాయించుకోవడం చాలాసార్లు ఎక్కువ విలువైనది. ఐదేళ్లు చేతిలో ఉంటే కంపెనీ ఎటు పోతోందో చూశాకే డబ్బు తీస్తారు. తొంభై రోజులే ఉంటే చూడకుండానే తీయాలి.